తిన్నవారికి ఆఫియెత్, జబ్బుపడ్డవారికి గెచ్మిష్

ఇస్తాంబుల్‌లో కాస్త పెద్ద వీధి ఏదైనా సరే, ఎర్ర బోర్డుతో ఒక మందుల షాపు కనిపిస్తుంది. అక్కడివాళ్లు దాన్ని ‘ఎజ్జానె’ అంటారు. కౌంటర్ వెనకున్న ఆవిడ చీటీ చూసి మందులు తీస్తుంది. ఏది పొద్దున వేసుకోవాలో, ఏది తిన్నాక వేసుకోవాలో డబ్బా మీద పెన్నుతో రాస్తుంది. సంచి చేతికిస్తూ ‘గెచ్మిష్ ఒల్సున్’ అంటుంది. జబ్బు మీకా, మీ అమ్మగారికా, పక్కింటి పెద్దాయనకా అన్నది ఆవిడకు తెలియదు, అడగదు కూడా. మందు కొన్నారంటే ఎవరికో ఒంట్లో బాగాలేదన్నమాట. ఆ మాట అనకుండా సంచి ఇస్తే, ఇవ్వాల్సింది ఏదో తక్కువ ఇచ్చినట్టే ఉంటుంది టర్కీవాళ్లకు.

అదే వీధిలో ఇంకాస్త ముందుకు వెళ్తే భోజన హోటలు ఉంటుంది. పళ్లెం ముందు పెట్టి సర్వర్ అనే మాట ‘ఆఫియెత్ ఒల్సున్’. టర్కీలో వారం రోజులున్నవాళ్ల చెవిలో కూడా ఈ రెండు మాటలూ పడిపోతాయి. ఒకటి తిండి దగ్గర, ఇంకొకటి జబ్బు దగ్గర. అయితే ఎవరు అనాలి, ఎప్పుడు అనాలి, విన్నవారు తిరిగి ఏమనాలి అన్న లెక్క పట్టుబడేసరికి చాలాకాలం పడుతుంది.

రెండింట్లోనూ ఉన్న ‘ఒల్సున్’ అంటే ‘అగుగాక’. మన పెద్దలు శుభమస్తు, తథాస్తు అన్నప్పుడు ఆ ‘అస్తు’ చేసే పనే ఇక్కడ ‘ఒల్సున్’ చేస్తుంది. ఆఫియెత్ అరబ్బీ నుంచి వచ్చింది. ఆరోగ్యం, క్షేమం అని అర్థం. ఉర్దూ ఉత్తరాల్లో ‘ఖైర్ ఓ ఆఫియత్’ అని క్షేమం అడిగే ఆనవాయితీ ఉంది. హైదరాబాద్ పాతబస్తీ పెద్దవాళ్లకు ఆ ఆఫియత్ బాగా తెలిసినదే. గెచ్మిష్ మాత్రం అచ్చమైన టర్కిష్ మాట. గడిచిపోయినది, దాటిపోయినది అని దాని అర్థం. 1932లో టర్కిష్ భాషా సంస్థ పెట్టి, అరబ్బీ పారశీక పదాలను తీసేసి సొంత మాటలు నిలబెట్టాలని ఆ దేశం పెద్ద ప్రయత్నమే చేసింది. బడికీ, పుస్తకాల్లోని మాటలకూ చాలా కొత్త పేర్లు వచ్చాయి. అన్నం దగ్గర అనే ఆఫియెత్ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. జనం రోజుకు పదిసార్లు అనే మాటను కమిటీలు మార్చలేవు.

ఆఫియెత్ సంగతి ముందు చూద్దాం. ఇంగ్లిష్ గైడు పుస్తకాలు చదువుకుని వెళ్లినవాళ్లు దీన్ని ‘తినడం మొదలుపెట్టండి’ అనే మర్యాదగా నేర్చుకుంటారు. తినబోయే ముందు అంటారు, అంతటితో వదిలేస్తారు. టర్కీవాళ్లకు అది సగం వాడకమే. తినబోయే ముందు అనవచ్చు, తింటున్నప్పుడు అనవచ్చు, తినేశాక కూడా అనవచ్చు. చివరిదే తక్కినవాటికంటే ముఖ్యం అనుకోవచ్చు. ఎందుకంటే ఆ మాట కోరుకునేది ఆకలిని కాదు, తిన్నది ఒంటికి పట్టడాన్ని. ఒంటికి పట్టడం తిన్న తర్వాతే కదా మొదలయ్యేది!

ఒక మధ్యాహ్నం భోజనం మొదటి నుంచి చివరి దాకా చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ‘ఎస్నాఫ్ లొకాంతసి’ అని అక్కడ ఒక రకం హోటళ్లున్నాయి. దుకాణదారులు, పనివాళ్లు, గుమాస్తాలు మధ్యాహ్నం తినిపోయే చోటు. అద్దాల వెనక వేడి గిన్నెల్లో వంటలన్నీ కనిపిస్తూ ఉంటాయి, కావాల్సింది వేలితో చూపించి చెప్పాలి. ఎర్ర కందిపప్పు సూపు, టమాటా రసంలో ఉడికిన తెల్ల చిక్కుడుగింజలు, పక్కన వెన్న వేసి వండిన అన్నం, కాస్త ఊరగాయ. బ్రెడ్డు అడక్కుండానే బుట్టలో వస్తుంది. గరిటెతో వడ్డించిన మనిషి పళ్లెం అందిస్తూ ఆఫియెత్ ఒల్సున్ అంటాడు. మీరు ‘తెషెక్కుర్ ఎదెరిమ్’, అంటే ధన్యవాదాలు అంటారు. సగం తిన్నారు. పక్క బల్ల దగ్గర కూర్చున్న ఆయన ఎవరో, ఏ ఊరో మీకు తెలియదు. తినడం అయి లేచి, మీ బల్ల పక్కగా వెళ్తూ తల కాస్త వంచి ఆఫియెత్ ఒల్సున్ అంటాడు. తింటున్న మనిషిని పలకరించకుండా దాటిపోవడం అక్కడ బాగుండదు. మీరు తినేశారు, టీ తాగారు, డబ్బు కట్టడానికి గల్లా దగ్గరికి వెళ్లారు. చిల్లర ఇస్తూ ఆయనా ఆ మాటే అంటాడు. భోజనం అయిపోయాక ఇప్పుడెందుకు అని కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే.

ఆ హోటల్లోనే మీకు తెలిసిన మనిషి కనబడి పలకరించడానికి ఆగాడనుకోండి. మీరు తింటున్నారు కాబట్టి ‘బుయురున్’ అనాలి. రండి, మీరూ తినండి అని. అతను కూర్చోదలుచుకోకపోతే ‘వద్దు’ అనడు, ‘ఇప్పుడే తిన్నాను’ అని సంజాయిషీ చెప్పడు. చెయ్యి గుండె మీద పెట్టుకుని ‘ఆఫియెత్ ఒల్సున్’ అని సాగిపోతాడు. పిలుపునీ మన్నించినట్టయింది, రాలేననీ చెప్పినట్టయింది. కొంచెం పెద్ద వయసువాళ్లయితే ‘జియాదె ఒల్సున్’ అని కూడా అంటారు. మీ తిండి ఇంకా పెరుగుగాక అని. మనం హిందీ సినిమాల్లో వినే ‘జ్యాదా’యే ఆ జియాదె.

ఇంటి భోజనం దగ్గర లెక్క మారుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది కూడా అక్కడే. మిమ్మల్ని ఒక ఇంటికి పిలిచారు. ఆ ఇంటావిడ పొద్దుటి నుంచి వండి బల్ల నిండా పెట్టింది. మీరు నేర్చుకున్న మాట ఆఫియెత్ ఒల్సున్ కదా అని ఆవిడతో అదే అన్నారనుకోండి. ఆవిడ నవ్వి ఊరుకుంటుంది, కానీ మీరు ఆవిడ మాటను ఆవిడకే ఇచ్చారు. పెట్టినవారు తినేవారికి చెప్పేది ఆఫియెత్. తిన్నవారు వండినవారికి చెప్పాల్సింది వేరే ఉంది: ‘ఎల్లెరినిజె సాలిక్’. మీ చేతులకు ఆరోగ్యం కలగాలి అని. అది వినగానే ఆవిడ బదులుగా ‘ఆఫియెత్ ఒల్సున్’ అంటుంది. మీ దీవెన ఆవిడ చేతులకు వెళ్తుంది, ఆవిడ దీవెన మీ ఒంటికి వస్తుంది. బాగా చనువున్నవారితో, చిన్నవారితో అయితే ‘ఎలినె సాలిక్’ అంటారు, నీ చేతికి అని. అత్తగారితో, పెద్దవారితో, మొదటిసారి వెళ్లిన ఇంట్లో బహువచనమే వాడాలి. మనకు నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్లకు సెన్, సిజ్ ఉన్నాయి. తెలుగువాళ్లకు ఇది ఇంగ్లిష్‌వాళ్లకంటే తొందరగా పట్టుబడుతుంది.

చేతులకు దీవెన చెప్పడంలో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. కూర బాగుందా, ఉప్పు సరిపోయిందా అన్నదానితో దానికి పనిలేదు. వంట అంతగా కుదరకపోయినా చెయ్యి కష్టపడిందిగా! కాబట్టి మెచ్చుకోలు వేరు, ఈ మాట వేరు. ‘చాలా రుచిగా ఉంది’ అని పదిసార్లు పొగిడి, ఎల్లెరినిజె సాలిక్ అనకుండా లేచి వెళ్లిన అతిథి ఏదో మరిచినట్టే. హోటల్లో ఎవరైనా మీ భోజనం డబ్బులు కడితే చేతుల ప్రసక్తి ఉండదు. వండింది ఆయన కాదు కదా. అప్పుడు ‘కెసెనిజె బెరెకెత్’ అంటారు, మీ డబ్బు సంచిలో బరకత్ ఉండాలి అని. తెలంగాణ పల్లెల్లో బర్కతు అన్న మాట తెలియనివారు ఎవరుంటారు?

ఒంటికి సంబంధించిన మాటలు ఇంకా ఉన్నాయి. స్నానం చేసి వచ్చినవారికి, క్షవరం చేయించుకున్నవారికి ‘సిహ్హత్లెర్ ఒల్సున్’ అంటారు, అదీ ఆరోగ్యమే. నోట్లో పడి నలిగి చాలామంది దగ్గర అది ‘సాఅత్లెర్ ఒల్సున్’ అయింది. సాఅత్ అంటే గంట. ‘గంటలు కలుగుగాక’ అంటే అర్థమే లేదు. అయినా విన్నవాళ్లు ‘సాగ్ ఒలున్’ అని సంతోషంగా బదులిస్తారు.

ఇక గెచ్మిష్ ఒల్సున్. ఇది నిజంగా చిత్రమైన దీవెన. జ్వరం ఇంకా తగ్గలేదు, కాలికి కట్టు ఇంకా విప్పలేదు, అయినా దాని గురించి ‘గడిచిపోయినదై ఉండుగాక’ అంటారు. ‘త్వరగా కోలుకోవాలి’ అని కోరుకుంటే జబ్బు ముందు నిలబడి మాట్లాడినట్టు. గెచ్మిష్ అన్నప్పుడు జబ్బుకు అవతలి గట్టు మీద నిలబడి మాట్లాడినట్టు. మంచం మీద ఉన్న మనిషిని కూడా ఆ గట్టు మీదికి పిలుచుకుంటారు.

ఆ మాట పరిధి చాలా పెద్దది. నర్సు రక్తం తీసి, సూది లాగి, దూది అదిమి పెట్టి గెచ్మిష్ ఒల్సున్ అంటుంది. డాక్టరు పరీక్ష అయిపోయి మీరు తలుపు దాకా వెళ్లాక అంటాడు. పన్ను పీకించుకున్నా అదే. కారుకు ప్రమాదం జరిగి మనిషి క్షేమంగా బయటపడినా అదే. ఇంట్లో దొంగలు పడినా, కష్టమైన పరీక్ష రాసి వచ్చినా, జైలు నుంచి విడుదలైనా అదే. వీటన్నింటికీ ఉమ్మడిగా ఉన్నది బాధ ఒక్కటే కాదు, దాటగలిగిన బాధ. పెద్ద గండం నుంచి బయటపడిన మనిషికి ముసలివాళ్లు ఇంకో మాట కలుపుతారు. నువ్వు ఎప్పుడో ఎవరికో సదకా ఇచ్చి ఉంటావు, అదే కాపాడింది అని. సదకా అంటే దైవం పేరున పేదవారికిచ్చే దానం.

ఈ మాట ఒక పనికి పేరు కూడా అయింది. ‘గెచ్మిష్ ఒల్సున్‌కి వెళ్లాం’ అంటారు, అంటే జబ్బు మనిషిని చూడడానికి వెళ్లామని. ఆపరేషన్ అయిన వారం పది రోజుల్లో బంధువులు, పక్కింటివారు, ఆఫీసులో తోటివారు వచ్చిపోతారు. ఖాళీ చేతులతో వెళ్లరు. పళ్లరసం డబ్బాలు, పళ్లు, బిస్కెట్లు పట్టుకెళ్తారు. ‘కొలొన్య’ సీసా కూడా చాలామంది తీసుకెళ్తారు. నిమ్మ వాసన వచ్చే, నూటికి 80 పాళ్ల దాకా ఆల్కహాల్ ఉండే సెంటునీరు అది. టర్కీ ఇళ్లలో వచ్చినవారి చేతుల్లో పోస్తే అరచేతులు రుద్దుకుంటారు. చేతులు శుభ్రమవుతాయి, జబ్బు గది వాసన తగ్గి కాస్త హాయిగా ఉంటుంది. కరోనా వచ్చినప్పుడు ఈ కొలొన్య కోసం జనం దుకాణాల ముందు వరుసలు కట్టారు.

ఎక్కువసేపు కూర్చోవడం మాత్రం మర్యాద కాదు. జబ్బు మనిషి పరామర్శ ఎంత చిన్నదైతే అంత మంచిది అని వాళ్లకు ఒక సామెతే ఉంది. వెళ్లగానే గెచ్మిష్ ఒల్సున్ అంటారు, కాసేపు కూర్చుంటారు, లేచేటప్పుడు మళ్లీ అంటారు. ఈ రెండింటి మధ్య జబ్బు వివరాలు అడగాల్సిన అవసరం లేదు. మన దగ్గర పరామర్శకు వెళ్లి, అదే జబ్బుతో ఫలానా ఊళ్లో ఫలానావారు ఎలా పోయారో చెప్పి వచ్చే పెద్దమనుషులున్నారు. ఏం మాట్లాడాలో తోచకపోవడమే దానికి సగం కారణం అనిపిస్తుంది నాకు. టర్కీలో మొదటి మాటా, చివరి మాటా సిద్ధంగా ఉంటాయి. మధ్యలో మౌనంగా కూర్చున్నా ఎవరూ తప్పుపట్టరు. తప్పుపట్టేది రాకపోతేనే, కనీసం ఫోను చెయ్యకపోతేనే. ‘ఒక్క గెచ్మిష్ ఒల్సున్ కూడా అనలేదు’ అన్న నిష్ఠూరం ఏళ్ల తరబడి బంధువుల మధ్య నిలిచిపోతుంది.

ఆ మాటకు హద్దులు కూడా ఉన్నాయి. చనిపోయినవారి ఇంట్లో అది అననే కూడదు. అక్కడ చెప్పాల్సింది ‘బషినిజ్ సాగ్ ఒల్సున్’. మీ తల క్షేమంగా ఉండుగాక, అంటే పోయినవారు పోయారు, మీరు నిలవాలి అని. 2023 ఫిబ్రవరి 6న కహ్రామాన్‌మరాష్ ప్రాంతంలో కొద్ది గంటల తేడాతో రెండు పెద్ద భూకంపాలు వచ్చి, టర్కీలోనే 50 వేల మందికి పైగా చనిపోయారు. ఆ రోజుల్లో ఈ రెండు మాటలూ ఒకే ఇంట్లో, ఒకే మనిషితో అనాల్సి వచ్చింది. శిథిలాల కింద నుంచి బయటికి తీసిన మనిషికి గెచ్మిష్ ఒల్సున్ చెప్పాలి. అదే మనిషి తల్లిని పోగొట్టుకుని ఉంటే బషినిజ్ సాగ్ ఒల్సున్ చెప్పాలి. ఏది ముందు అనాలి? చావు కబురు తెలిస్తే సానుభూతే ముందు. బతికి బయటపడినందుకు చెప్పే మాట ఆ తర్వాత, అది కూడా సన్నగా. మన దేశం అప్పుడు ‘ఆపరేషన్ దోస్త్’ పేరుతో సహాయక బృందాలను పంపింది. సైన్యం ఇస్కెందెరున్‌లో ఆసుపత్రి పెట్టి గాయపడినవారికి వైద్యం చేసింది. దోస్త్ అన్నది వాళ్ల భాషలోనూ స్నేహితుడే కాబట్టి ఆ పేరును ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేకపోయింది.

గడిచిపోయేది కాని స్థితి దగ్గర కూడా ఈ మాట పొసగదు. పుట్టుకతో చూపు లేని మనిషిని, చక్రాల కుర్చీలో ఏళ్లుగా బతుకుతున్న మనిషిని చూసి గెచ్మిష్ ఒల్సున్ అంటే వారి జీవితాన్నే జబ్బు అన్నట్టవుతుంది. ఆశలు వదులుకున్న రోగి దగ్గర కూడా చాలామంది దీన్ని పక్కనపెట్టి ‘అల్లా షిఫా వెర్సిన్’ అంటారు, దేవుడు స్వస్థత ఇవ్వాలి అని. ఇదే మాటను ఎగతాళికి వాడడం కూడా ఉంది. ఆఖరి బస్సు తప్పిపోయిన వాడితో స్నేహితులు ‘గెచ్మిష్ ఒల్సున్!’ అంటే, ఇక అయిపోయింది, ఇంటికి నడువు అని అర్థం. ఏది దీవెన, ఏది ఎగతాళి అన్నది గొంతును బట్టి తెలిసిపోతుంది.

ఈ మాటలు టర్కీవాళ్ల సొత్తే అనుకోనక్కరలేదు. పక్కనున్న గ్రీకులు జబ్బు మనిషితో ‘పెరస్తికా’ అంటారు. అదీ దాటిపోవాలనే. వండినవారి చేతులకు ఆరోగ్యం కోరే మాట కూడా వాళ్లకుంది. ఆర్మేనియన్లు ‘అంత్సాత్స్ లినీ’ అంటారు, గడిచినదై ఉండాలి అని. డెబరా టానెన్, పియాలె చొమెర్త్ ఒజ్‌తెక్ అనే ఇద్దరు పరిశోధకులు టర్కిష్, గ్రీకు భాషల్లోని ఇలాంటి మాటలను పక్కపక్కన పెట్టి 1977లో ఒక వ్యాసమే రాశారు. ఈ పొరుగుదేశాల మధ్య యుద్ధాలు జరిగాయి, పగలున్నాయి. అయినా 1999 ఆగస్టులో టర్కీలో భూకంపం వస్తే గ్రీసు నుంచి సహాయక బృందాలు వెళ్లాయి. మరుసటి నెల ఏథెన్స్‌లో భూమి కంపిస్తే టర్కీవాళ్లు వచ్చారు. పలకరించుకోవడానికి ఇద్దరి దగ్గరా ఒకే అర్థం ఉన్న మాట అప్పటికే ఉంది.

మరో సంగతి. ఆఫియెత్, గెచ్మిష్ రెండింట్లోనూ దేవుడి పేరు లేదు. అల్లా పేరుతో చెప్పే దీవెనలు టర్కిష్‌లో బోలెడున్నాయి, భక్తులు అవీ వాడతారు. ఈ రెండు మాత్రం మసీదుకు వెళ్లేవారూ వెళ్లనివారూ, క్రైస్తవులూ యూదులూ ఒకరితో ఒకరు అరమరికలు లేకుండా అనుకోగలిగినవి. బ్యాంకు గుమాస్తా అయినా, మంత్రిగారు అయినా మాట మార్చాల్సిన అవసరం రాదు.

చదువుకో, ఉద్యోగానికో, విహారానికో టర్కీ వెళ్లే తెలుగువారికి నేను చెప్పేది ఇది. ఎలా ఉన్నారు, ఎంత ధర అన్న వాక్యాలు నేర్చుకోండి, అవీ కావాలి. కానీ వాటికంటే ముందు ఈ మాటలు నేర్చుకోండి. పక్కవాళ్లు తింటుంటే ‘ఆఫియెత్ ఒల్సున్’. మీకు వండిపెట్టినవారికి ‘ఎల్లెరినిజె సాలిక్’. దగ్గుతున్న సహోద్యోగికీ, చేతికి కట్టుతో కనబడిన పక్కింటాయనకీ ‘గెచ్మిష్ ఒల్సున్’. చావు కబురు వింటే మాత్రం ఆగండి, అక్కడ ‘బషినిజ్ సాగ్ ఒల్సున్’. ఉచ్చారణ కొంచెం అటూఇటూ అయినా ఫరవాలేదు, ఎవరూ తప్పుపట్టరు. అనాల్సిన చోట అనకుండా ఉండకండి.